తొలిసారి చూచిన అవ్వతో ‘నువ్వు’ అనవలెనా, ‘మీరు’ అనవలెనా?

మన పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు వేసవి సెలవులలో తల్లితోకూడ కర్నూలు జిల్లాలోని యొక పల్లెకు వెళ్ళి వచ్చినాడు. వాడు పుట్టి పెరిగినది కాకినాడలో. తల్లి పుట్టినిల్లు ఆ పల్లె. అచ్చట వాని అమ్మమ్మకు అక్కయగు వృద్ధురాలు కలదు. ఆమెకు 80 ఏండ్లు దాటినవి. దూరభారముచేత ఆ బాలుడు ఆమెను అంతవరకు చూచియుండలేదు. బండి దిగి వాకిట అడుగు పెట్టగానే వాడు చేతులు జోడించి, “అమ్మమ్మగారండీ, నమస్కారమండీ. మీరు బాగున్నారాండీ?” అని యడిగినాడు. కాకినాడలో బాగుగా పెరిగిన బిడ్డ యెవడైనను అట్లే యడుగును.

ఆ వృద్ధురాలు వాని తట్టు చూచి, పిమ్మట తల్లి తట్టు తిరిగి, “ఏమే, నీ కొడుకు నాతో తాసిల్దారుతో మాట్లాడినట్టు మాట్లాడ్తాడే! నేనేమన్నా పరాయిదాన్నా?” అన్నదట. ఆమె నవ్వుచునే యన్నది. కాని ఆ నవ్వులో కొంచెము నొప్పి కలదని వానికి తోచినది. సెలవులు ముగిసిన తరువాత వాడు నాయొద్దకు వచ్చి, “నేను మర్యాదగానే మాట్లాడితిని గదా, అవ్వ యేల నొచ్చుకొన్నది?” అని యడిగినాడు. ఆ ప్రశ్నకు చెప్పిన సమాధానమునే యిచ్చట విద్యార్థులందరికొరకు వ్రాయుచున్నాను.

మొదట ఒక సంగతి గ్రహింపవలెను. తెలుగులో పెద్దవారిని పలుకరించునప్పుడు మనము ఒక్క మాటను గాక రెండు మాటలను ఎంచుకొనుచున్నాము. ఒకటి పిలుపు; అనగా తాతయ్య, అమ్మమ్మ, అవ్వ మొదలగు వరుస పేరు. రెండవది క్రియ, అనగా ‘బాగున్నావా’ యనుటయా, ‘బాగున్నారా’ యనుటయా యనునది. పిలుపు బంధుత్వమును తెలుపును. క్రియ దూరమును తెలుపును. ఈ రెండింటిని వేరువేరుగా ఎంచుకొనవచ్చునని అనేకులు గమనింపరు. వారు రెండింటిని కలిపి పైకెత్తుదురు, లేదా రెండింటిని కలిపి క్రిందికి దించుదురు. మన బాలుడు చేసిన పొరపాటు అదియే.

ఈ మూడు వాక్యములను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. “తాతగారూ, బాగున్నారా?” “తాతయ్యా, బాగున్నారా?” “తాతా, బాగున్నావా?” మొదటిదానిలో పిలుపును దూరమే, క్రియయు దూరమే. మూడవదానిలో రెండును దగ్గరివే. నడుమనున్న వాక్యములో పిలుపు దగ్గరిది, క్రియ గౌరవముగలది. ఆ నడిమి వాక్యము, ఎదుటివాడు మన తాతయని యొప్పుకొనుచునే ఆయన వయస్సును కూడ గుర్తించుచున్నది. తొలిసారి కలిసికొన్న పెద్దవారితో, వారి యింటి వాడుక మనకు తెలియనంతవరకు, ఈ నడిమి వాక్యమే తగినది. ‘గారు’ అను మాట మంచిదే. కాని అది బడిపంతులుగారికిని, వైద్యులగారికిని, తెలియని యింటి యజమానిగారికిని సమానముగా చెల్లును. దానిలో గౌరవము కలదు గాని చుట్టరికము లేదు. పెద్దవారు మొదటి చూపులో మననుండి కోరునది ఆ చుట్టరికమునే.

ఇచ్చట ఒక హెచ్చరిక. పిలుపును క్రియయు వేరువేరుగా ఎంచుకొనవచ్చునన్నంతమాత్రమున ఏ పిలుపుతో ఏ క్రియయైనను అతుకునని కాదు. “తాతగారూ, నువ్వెప్పుడు వచ్చావు?” అన్నచో చెవికి గుచ్చుకొనును. ‘గారు’ వచ్చిన తరువాత బహువచన క్రియ రాక తప్పదు. దగ్గరి పిలుపునకు మాత్రము రెండు క్రియలును ఒప్పును. “అమ్మమ్మా, రా” అన్నను సరియే, “అమ్మమ్మా, రండి” అన్నను సరియే. కావున స్వేచ్ఛ యున్నది దగ్గరి పిలుపులోనే.

ఇక పిలుపును ఎట్లు తెలిసికొనవలెను? పురుషుని విషయమున కష్టము లేదు. తాతల తరములోని పురుషుడు తండ్రి వైపువాడైనను, తల్లి వైపువాడైనను, వారి యన్నదమ్ములలో నొకడైనను, అందరును తాతలే. స్త్రీల విషయమున వైపు చూడవలెను. తల్లి తల్లి అమ్మమ్మ. ఆమె అక్క పెద్దమ్మమ్మ, చెల్లెలు చిన్నమ్మమ్మ. తండ్రి తల్లి నాయనమ్మ. ఈ నాయనమ్మనే కొన్ని యిండ్లలో మామ్మయనియు, కొన్నింట బామ్మయనియు, తెలంగాణమున పలుచోట్ల బాపమ్మయనియు, రాయలసీమలో జేజియనియు, అవ్వయనియు పిలుతురు. ఒక్క చోట మాత్రము పెద్దవారు కూడ తడబడుదురు. తల్లికి మేనత్తయైన ముసలామెను మనమేమనవలెను? తల్లి ఆమెను ‘అత్తా’ అని పిలుచును. తన భర్త తల్లిని కూడ తల్లి ‘అత్త’ యనియే పిలుచును. ఆ లెక్కచొప్పున ఆమె మనకు నాయనమ్మ వరుస; కాని తల్లి వైపు చుట్టము గనుక అమ్మమ్మయని పిలిచెడి యిండ్లును కలవు. ఇట్టి సందేహమును వాకిట నిలిచి తీర్చుకొనరాదు. ప్రయాణములోనే తల్లిని, “అమ్మా, ఆమెను నేనేమని పిలువవలెను?” అని యడిగి తెలిసికొనవలెను. ‘మీరు’, ‘నువ్వు’ల తప్పును ఒక పూటలో సరిదిద్దుకొనవచ్చును, వరుస తప్పినచో ఆ మాటను ఊరంతయు కొంతకాలము చెప్పుకొని నవ్వును.

పిలుపు తెలిసినది. ఇక క్రియ. ‘నువ్వు’ అనుట సహజముగా అవమానమని కొందరు విద్యార్థులు తలచుచున్నారు. అది సరికాదు. గ్రంథభాషలో దాని రూపము ‘నీవు’. పూర్వకావ్యములలో మునులు రాజులను నీవనియే సంబోధించిరి. ప్రార్థనలలో దేవుని సైతము నీవనియే పిలుచుచున్నాము. అనేక గృహములలో కన్నతల్లిని పిల్లలు ‘నువ్వు’ అనుచుందురు. అందుచేత తల్లి గౌరవము తగ్గలేదు. ‘నువ్వు’ అను మాట తక్కువతనమును గాక దగ్గరితనమును తెలుపును. ఆ దగ్గరితనము నిజముగా ఉన్నచోట అది తీయగానుండును. లేనిచోట దానిని బలవంతముగా తెచ్చిపెట్టుటవలన అవమానమగును. అట్లే ‘మీరు’ అను మాటయు సహజముగా ప్రేమలేనిది కాదు. గోదావరి మండలములలో చిన్నపిల్లలను సైతము “రండి బాబూ, కూర్చోండి” అని ముద్దుగా బహువచనముతో పిలిచెడి పెద్దలు కలరు.

దగ్గరితనమును కొలుచు కొలబద్ద ఊరూరికిని మారుచున్నది, అదియే చిక్కు. కాకినాడ బాలునికి ‘అండీ’ యనునది ఊపిరివంటిది. అది లేని మాట మొరటుగా తోచును. కర్నూలు పల్లెలో మనుమడు అవ్వను, “బాగుండావా అవ్వా?” అని యడుగుట ఆచారము, అచ్చట ‘అండీ’ యనునది ఉద్యోగస్థులతోను, క్రొత్తవారితోను వాడెడి మాట. తెలంగాణములోని పెక్కు పల్లెలలో, “తాతా, మంచిగున్నవా?” అని మనుమరాలు అడిగినచో ఆ తాత మురిసిపోవును. అదే బాలిక అదే మాటను గోదావరి తీరమున, మర్యాదమాటకు అలవాటుపడిన యింటిలో, తొలిసారి చూచిన తండ్రి పినతండ్రితో అన్నచో ఆయన కోపపడకపోవచ్చును గాని ఒక్క క్షణము మౌనము వహించును. ఒకే జిల్లాలో సైతము ఇంటింటికి ఈ వాడుక భేదించును. ఒకే యింటిలో అమ్మమ్మను ‘నువ్వు’ అనియు, తండ్రి తండ్రిని ‘మీరు’ అనియు పిలుచు పిల్లలు అనేకులు కలరు. కావున జిల్లా పేరును బట్టి నిశ్చయించుకొనుట చాలదు. ఆ యింటి మాటను చెవి యొగ్గి వినవలెను.

వినుటకు కొంత సమయము కావలెను గదా. అంతవరకు ఏమి మాటలాడవలెను? దీనికి మన భాషలోనే చక్కని యుపాయము కలదు. ఎదుటివారిని ‘నువ్వు’ అనియు ‘మీరు’ అనియు అనకుండ మాటలాడుట కష్టము కాదు. “నమస్కారము తాతయ్యా”, క్రైస్తవ గృహమైనచో, “వందనములు తాతయ్యా” అన్నచో వాక్యములో క్రియయే లేదు. “బాగున్నావా, బాగున్నారా” యని తడబడుటకంటె, “ఆరోగ్యమెట్లున్నది?” అని యడుగవచ్చును. “తిన్నావా, తిన్నారా” యనుటకు మారుగా, “భోజనమైనదా?” అనవచ్చును. ఇచ్చట కర్త ఆరోగ్యము, భోజనము, మనిషి కాదు. ఏదైనను తెచ్చి యీయవలసివచ్చినప్పుడు, “మంచినీళ్ళు తీసికొనిరానా?” అని మన వైపునుండి అడుగవచ్చును. ఇందులో కర్త మనమే గనుక చిక్కు లేదు.

మరియొక సదుపాయము కలదు. ‘మీ యిల్లు’, ‘మీ యూరు’, ‘మీ పొలము’ అనునవి మనము ‘నువ్వు’ అని పిలిచెడి స్నేహితునితో కూడ అందుము. ఇల్లు ఒక్కనిది గాక కుటుంబమంతటిది గదా. కావున, “మీ యూరిలో ఈ యేడు వానలు పడినవా?” అన్నచో ‘మీరు’ అనెడి యింటిలోను, ‘నువ్వు’ అనెడి యింటిలోను ఒప్పును. తాతయు అవ్వయు కలిసి కూర్చుండియున్నచో, “మీరిద్దరును బాగున్నారా?” అనవచ్చును, ఇది నిజమైన బహువచనము గనుక ఎవ్వరును దూరముగా భావింపరు.

ఈ యుపాయమునకు హద్దు కలదు. ఒక గంట, రెండు గంటలు దీనితో గడపవచ్చును. ఆ తరువాత, “ఇటు రా”, “ఇటు రండి” అని పిలువవలసిన యవసరము కలుగును. విధివాక్యమునకు నడిమి రూపము లేదు. అదియునుగాక ఎంతసేపటికిని మనిషిని కర్తగా చేయని మాట చల్లగా తోచి, బాలుడు ముభావముగా నున్నాడని పెద్దలు తలతురు. కనుక ఆ కొద్ది సమయములోనే ఇంటి వాడుకను పట్టుకొనవలెను.

దానిని పట్టుకొనుటకు మూడు చోట్ల వినవలెను. మన తల్లి లేక తండ్రి ఆ పెద్దవారిని ఎట్లు పిలుచుచున్నారో మొదట వినవలెను. వారే ‘మీరు’ అనుచున్నచో మనము ‘నువ్వు’ అనుటకు తొందరపడరాదు. వారు ‘నువ్వు’ అనుచున్నచో మనకును ఆ యధికారము వెంటనే వచ్చినదని కాదు; వారిది చిన్ననాటి చనువు. రెండవది, అన్నిటికంటె నమ్మదగినది, ఆ యింటిలో పెరిగిన మన యీడు మనుమలు, మనుమరాండ్రు ఏమనుచున్నారో వినుట. వారి స్థానమును మన స్థానమును ఒక్కటే. మూడవది ఆ పెద్దవారి మాటయే. “నన్ను మీరు అంటావేమిరా?” అన్నచో అనుమతి దొరికినది. అట్లుగాక మనతో హఠాత్తుగా, “ఏమండీ అబ్బాయిగారూ” అని బహువచనము మొదలుపెట్టినచో, సామాన్యముగా అది మందలింపు. మనము మితిమీరి దగ్గరితనము చూపితిమనియో, మితిమీరి దూరము చూపితిమనియో వారు వేళాకోళముగా తెలుపుచున్నారు. అప్పుడు మన తుది వాక్యమును గుర్తు తెచ్చుకొన్నచో ఏది మితిమీరినదో తెలియును.

సందేహము తీరనప్పుడు ‘మీరు’ వైపే మ్రొగ్గవలెను. కారణము సులభము. ‘మీరు’ నుండి ‘నువ్వు’కు దిగుట ఒక చనువు, పెద్దలు దానిని కానుకగా ఇత్తురు, పిల్లలు సంతోషముతో పుచ్చుకొందురు. ‘నువ్వు’ నుండి ‘మీరు’కు ఎక్కుట అట్లు కాదు. నిన్నటివరకు ‘నువ్వు’ అన్న మనుమడు నేడు ‘మీరు’ అన్నచో ఏదో అలుక గాని, ఎవరో చెప్పిన చాడీ గాని కలదని అనుకొందురు.

ఎదుట మాటలాడునప్పుడే గాక, వారు వినుచుండగా వారిని గూర్చి మాటలాడునప్పుడును జాగ్రత్త కావలెను. తెలుగు వ్యాకరణములో ఒక విచిత్రము కలదు. ‘తాత వచ్చినాడు’ అందుము. ‘అమ్మమ్మ వచ్చినది’ అందుము. ‘ఆవు వచ్చినది’ అని కూడ అందుము. ఏకవచనమున స్త్రీకిని పశువునకును క్రియ యొక్కటే. బహువచనమున మాత్రము ‘స్త్రీలు వచ్చినారు’, ‘ఆవులు వచ్చినవి’ అని భేదము కనబడును. ఇంటిలో ‘అమ్మమ్మ వచ్చింది’ యనుట మిక్కిలి ప్రియమైన మాటయే. కాని తొలిసారి చూచిన వృద్ధురాలి యెదుట, “అమ్మా, ఈమె పిలుచుచున్నది” అనుటకంటె, “అమ్మా, పెద్దమ్మమ్మ పిలుచుచున్నారు” అనుట మేలు. ‘ఈమె’, ‘ఈయన’ యను సర్వనామములకు మారుగా వరుస పేరునే మరల చెప్పినచో, ఆ పెద్దవారికి తాము ఈ పిల్లలకేమగుదురో వినబడుచుండును. వృద్ధులకు ఆ మాట వినుట ఇష్టము.

ఇప్పుడు మన బాలుని కథకు తిరిగి వత్తము. వాడు చేసిన తప్పు ‘మీరు’ అనుట కాదు. ఆ వాక్యములో ‘గారు’, ‘అండీ’, ‘మీరు’, ‘ఉన్నారా’, మరల ‘అండీ’ యని దూరమును తెలుపు గుర్తులు అన్నియు ఒక్కమారు వచ్చినవి; చుట్టరికమును తెలుపునది ‘అమ్మమ్మ’ యను మాట యొక్కటే, దానిని సైతము ‘గారండీ’ కప్పివేసినది. “పెద్దమ్మమ్మా, బాగున్నారా?” అని యుండినచో ఆమె తాసిల్దారు మాట యెత్తియుండదు.

అయితే వాడు తెలివిగలవాడు. ఆ సాయంకాలమంతయు ఎక్కువ మాటలాడక విన్నాడు. తల్లి ఆమెను, “పెద్దమ్మా, నీ మోకాలి నొప్పి యెట్లుంది?” అని యడుగుచున్నది. రాత్రి భోజనమువేళ ఆమె మనుమరాలు, వీని యీడుదే, లోపలనుండి, “అవ్వా, బువ్వ తింటివా?” అని కేకవేసినది. ఆ యూరి మాటలో ‘తింటివా’ యనగా ‘తిన్నావా’ యని యర్థము. అప్పుడు వానికి రెండు సంగతులు తెలిసినవి: ఈ యింటిలో పిలుపు ‘అవ్వ’, క్రియ ‘నువ్వు’ క్రియ.

అయినను వాడు వెంటనే ఆ మనుమరాలి మాటను అనుకరింపలేదు. అదియు మంచిపనియే; ఒక్కపూటలో తెచ్చుకొన్న యాస వేళాకోళమువలె వినబడును. మరునాటి ఉదయము పిలుపును మాత్రము మార్చి, క్రియను దాచి, “అవ్వా, రాత్రి నిద్ర పట్టినదా?” అని యడిగినాడు. ఆమె మంచముమీద చోటుచేసి వానిని కూర్చుండబెట్టుకొని, వాని అమ్మమ్మ చిన్ననాటి సంగతులను చెప్పనారంభించినది. నడుమ వాడు, “అవ్వా, నేను నిన్ను నువ్వు అనవచ్చునా?” అని యడిగినాడు. ఆమె, “అడిగి అనేదేమిరా, నా చెల్లెలి మనవడివి గదా!” అన్నది.

ఆ చెల్లెలు, అనగా వాని అమ్మమ్మ, వాడు పుట్టకమునుపే గతించినది. అక్కగారు తన చెల్లెలి బిడ్డల బిడ్డను చూచుటకు ఎన్ని యేండ్లు వేచియున్నదో ఆలోచింపుడు. అట్టివాడు వచ్చి ‘అండీ’ యన్నప్పుడు ఆమెకు కలిగిన నొప్పి భాషాదోషమువలన కలిగినది కాదు. తన చెల్లెలి రక్తము తనను గుర్తింపలేదేమో యను భయమువలన కలిగినది. వాడు ఎనిమిది దినములు అచ్చట నున్నాడు. తిరిగి వచ్చునాడు ఆమె వాకిటివరకు కఱ్ఱ పట్టుకొని వచ్చినది. వాడు కాళ్ళకు మ్రొక్కి, “అవ్వా, పోయొస్తా. నువ్వు జాగ్రత్త” అన్నాడట. ఆ మాటలో ‘గారు’ లేదు, ‘అండీ’ లేదు. కాని మర్యాదకు ఏ కొరతయు లేదు.

విద్యార్థులు ఇంటిలో పెద్దలతో కూర్చుండి చేయదగిన యభ్యాసమొకటి చెప్పి ముగించెదను. మీరు ఇంతవరకు చూడని వృద్ధబంధువు నొకరిని తలచుకొని, వారిని ఏమని పిలువవలెనో మొదట తల్లిదండ్రుల నడిగి వ్రాసికొనుడు. వారి వాకిట మీరు పలుకబోవు మొదటి వాక్యమును దగ్గరి పిలుపుతోను గౌరవక్రియతోను వ్రాయుడు. పిమ్మట ‘నువ్వు’, ‘మీరు’ అను రెండును రాకుండ, వారి ఆరోగ్యమునుగూర్చియు, భోజనమునుగూర్చియు, ఊరినిగూర్చియు మూడు ప్రశ్నలు వ్రాయుడు. ఆ నాలుగు వాక్యములను పైకి చదివి, మీ యింటి పెద్దవారికి ఎచ్చట చల్లగా వినబడినదో, ఎచ్చట మితిమీరి వినబడినదో అడిగి దిద్దుకొనుడు.